యావరేజ్ బాగుంది, స్కోరు మాత్రం చాలట్లేదు: ఎక్కడ చూడాలి?

సమస్య: వన్డే లేదా టీ20 జట్టుకి మంచి యావరేజ్ ఉన్న బ్యాటర్‌ని తీసుకున్నారు, అతను పరుగులు చేస్తూనే ఉన్నాడు, జట్టు మాత్రం 20 పరుగుల తేడాతో ఓడిపోతూనే ఉంది.

మొదట చూడాల్సింది: నాటౌట్ల గడి. దయచేసి దీన్ని వదిలేయకండి. యావరేజ్ అంటే పరుగుల్ని ఆడిన ఇన్నింగ్స్‌తో కాదు, ఔటైన సార్లతో భాగించడం. 1953 ఇంగ్లాండ్ టూర్‌లో ఆస్ట్రేలియా బౌలర్ బిల్ జాన్‌స్టన్ 17 ఇన్నింగ్స్‌లో ఒక్కసారే ఔటయ్యాడు, చేసినవి 102 పరుగులు, యావరేజ్ కూడా 102.

అసలు కారణం: ఇది నన్ను చాలాసార్లు దెబ్బతీసింది. మా క్లబ్ జట్టుని ఎంపిక చేసేటప్పుడు, ఔట్ కాకుండా ఆడేవాడిని నమ్మకస్తుడనుకుని, అతను తినేసిన బంతుల్ని లెక్కపెట్టలేదు. యావరేజ్‌లో బంతుల ఊసే ఉండదు. 1975 ప్రపంచకప్‌లో లార్డ్స్‌లో ఇంగ్లాండ్ 60 ఓవర్లలో 334 కొట్టింది. గావస్కర్ 174 బంతుల్లో 36 నాటౌట్. మనకి ఓవర్‌కి దాదాపు 5.6 కావాలి, ఆ లెక్కన 174 బంతుల్లో 162 పరుగులు రావాలి, అంటే ఆ ఒక్క ఇన్నింగ్స్‌లోనే 126 తక్కువ. మ్యాచ్ 202 పరుగుల తేడాతో పోయింది. అయినా ఔట్ కాలేదు కాబట్టి ఆ 36 పరుగులు ఆయన యావరేజ్‌ని పెంచాయే తప్ప తగ్గించలేదు!

పరిష్కారం: ప్రతి ఇన్నింగ్స్‌కీ ఇదే లెక్క వేయండి: ఆడిన బంతులకి ఆ మ్యాచ్ రేటు ప్రకారం ఎన్ని రావాలి, ఎన్ని వచ్చాయి. ఛేజింగ్‌లో అయితే కావలసిన రేటు, మొదట బ్యాటింగ్ అయితే అవే ఓవర్లలో మిగతా బ్యాటర్లు కొట్టిన రేటు. పిచ్ కష్టంగా ఉంటే అందరి రేటూ పడిపోతుంది కాబట్టి ఓపిగ్గా ఆడినవాడికి అన్యాయం జరగదు.

అలాగని నాటౌట్లన్నీ కొట్టిపారేయకండి, అది రెండో తప్పు. 1999 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా ఆల్‌రౌండర్ క్లూస్‌నర్ 8 ఇన్నింగ్స్‌లో 281 పరుగులు చేశాడు, 6 నాటౌట్లు, యావరేజ్ 140.5. ఇన్నింగ్స్‌కి చూస్తే 35 పరుగులే, కానీ అతనికి దొరికిందే ఇన్నింగ్స్‌కి సుమారు 29 బంతులు. ఓవర్‌కి 5 వస్తే చాలు అనుకునే ఆ రోజుల్లో స్ట్రైక్ రేట్ 122. ఆ నాటౌట్లు నిజంగా విలువైనవి. అయితే అతన్ని ఓపెనర్‌గా పంపితే 140 వస్తుందని మాత్రం ఆ అంకె చెప్పదు.

స్ట్రైక్ రేట్ ఒక్కటే చూసినా ఇంతే, చివరి రెండు ఓవర్లలో దిగేవాడినీ ఓపెనర్‌నీ పక్కపక్కన పెట్టకూడదు.

మిగతావి చిన్నవి. వర్షం వల్ల కుదించిన మ్యాచ్‌లు, బలహీనమైన ప్రత్యర్థులు లాంటివి చాలా ఇన్నింగ్స్ ఉంటే పెద్దగా తేడా తేవు. టెస్టుల్లో సాధారణంగా బంతుల కొరత ఉండదు కాబట్టి, టాప్ ఆర్డర్ విషయంలో అక్కడ యావరేజ్‌నే నమ్మొచ్చు.