వాక్యం మొదలవుతుంది, ముగియదు: ఏకకాల అనువాదంలో వెనకబడుతుంటే

సమస్య: వక్త ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, మీరు మైకులో తెలుగు చెబుతున్నారు. మీ వాక్యం పూర్తయ్యేలోపే ఆయన తర్వాతి విషయంలోకి వెళ్లిపోయాడు. వింటున్నవాళ్లకి సగం వాక్యాలే అందుతున్నాయి.

కారణం: వక్త వేగమే అనుకుంటాం. నా అనుభవంలో చాలాసార్లు మన వాక్యమే కారణం. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, తెలుగులో చివర వస్తుంది. పైగా ఇంగ్లీషులో ‘ఫార్మర్స్ హూ’ అన్నాక వచ్చే వివరమంతా తెలుగులో ‘రైతులు’ అనే మాటకు ముందు పెట్టాలని చూస్తాం. దానికోసం అంతా మనసులో మోయాలి.

పలాస దగ్గర జీడి రైతుల శిక్షణలో నేనదే చేశాను. ‘2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానులో చెట్లు పోగొట్టుకుని అంటుమొక్కలు నాటుకున్న రైతులు’ దాకా కూర్చేసరికి, వాళ్లు ఏం చేయాలో చెప్పిన మాట వినడం తప్పిపోయింది. రైతులకి కావలసింది ఆ మాటే.

పరిష్కారం: వచ్చిన వరసలోనే ముక్కలు చేసి, ప్రతి ముక్కనీ దాని చిన్న క్రియతో ముగించండి. ‘కొందరు రైతులున్నారు. తిత్లీలో చెట్లు పోయాయి, 2018 అక్టోబరులో. అంటుమొక్కలు నాటుకున్నారు. వాళ్లు అంతరపంట వేసుకోవాలి, అంటు కాపుకొచ్చేదాకా.’ పుస్తకంలో ఇలా రాయం. కానీ మన ఊళ్లలో మాట్లాడేది ఇలాగే కాబట్టి చెవికి హాయిగా ఉంటుంది.

సమస్య: చెప్పిన మాటని మళ్లీ మళ్లీ దిద్దుకోవాల్సి వస్తోంది.

కారణం: వక్త మాట వెనకే, మరీ తక్కువ ఎడంతో చెప్పేస్తున్నారు. ‘బ్యాంక్స్’ అని వినగానే బ్యాంకులు అనేస్తే, వెంటనే వంశధార పేరు వస్తుంది. ఆయన చెప్పింది నది గట్లు.

పరిష్కారం: ఎవరు, ఏం చేశారు అన్నది తెలిసేదాకా ఆగండి. సాధారణంగా అది రెండు నుంచి నాలుగు సెకన్లు. అంకెలు, పేర్లు వచ్చినప్పుడు మాత్రం ఆ ఎడం తగ్గించాలి, అవి మనసులో నిలవవు. కాగితం మీద గీసుకుని వెంటనే చెప్పేయండి.

సమస్య: వక్త నిజంగానే పరుగెడుతున్నాడు.

కారణం: చాలావరకు కాగితం చూసి చదువుతుంటాడు. నిమిషానికి 100 నుంచి 120 ఇంగ్లీషు మాటలైతే సాఫీగా సాగుతుంది. చదివేటప్పుడు 150 దాటడం మామూలే.

పరిష్కారం: ఆ కాగితం ముందే అడిగి తీసుకోండి, అంకెల కింద గీతలు పెట్టుకోండి. ఆయనతో సమానంగా గొంతు పరుగెత్తించొద్దు, వినేవాళ్లకి ఏమీ అర్థం కాదు. మాటలు తగ్గించండి. ‘వేప, కానుగ, ఆముదం పిండి’ని ‘నూనెగింజల పిండి’ అనొచ్చు. ఒకే సంగతి రెండుసార్లు చెబితే ఒకటి వదిలేయొచ్చు. ‘వద్దు’, ‘అయితేనే’, మోతాదు మాత్రం వదలకూడదు. ‘లీటరు నీటికి’ అన్న మాట జారితే రైతు తోటలో మందు తప్పుతుంది. అది అందకపోతే ఊహించి చెప్పకుండా చెయ్యెత్తి వక్తని ఆపండి.

అరగంట దాటాక ఇవన్నీ పాటిస్తున్నా తప్పులు పెరుగుతుంటే, అది అలసట. మనకి తెలిసేలోపే మొదలవుతుంది. అందుకే ఇద్దరు వెళ్లి, 20 లేదా 30 నిమిషాలకోసారి మైకు మార్చుకోవాలి. ఖాళీగా ఉన్నవాళ్లు పక్కనే కూర్చుని అంకెలు రాసి చూపిస్తుండాలి.