బాల్కనీలో బెండ: విత్తు నుంచి కాయ దాకా ఏడు వారాల వీడియో స్క్రిప్టు

బాల్కనీ వీడియోకు బెండను ఎంచుకోవడానికి కారణం ఉంది. వంగ, మిరప మొక్కలకు ముందు నారు పోసి తర్వాత నాటాలి కాబట్టి తొలి నెలలో చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు. బెండ అలా కాదు, విత్తిన వారంలోపే మొలకెత్తి ప్రతి ఆదివారానికీ కొత్త రూపంతో కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాలలో జూన్, జూలై నెలలు దీన్ని విత్తడానికి అనువైనవి. ఈ స్క్రిప్టు హైదరాబాదులో తూర్పు ముఖంగా ఉన్న బాల్కనీలో, మూడు గ్రో బ్యాగులతో, జూన్ మూడో ఆదివారం మొదలుపెట్టినట్టుగా రాసినది.

చిత్రీకరణకు ముందు ఫోను నిలిపే చోటును నేల మీద టేపుతో గుర్తించి, చివరి వారం దాకా ఆ చోటు నుంచే, ఉదయం ఎనిమిది గంటలకే తీయాలి. బ్యాగు పక్కన అంగుళాల గీతలున్న కర్ర ఒకటి నిలబెడితే, పెరుగుదల ఎంతో మాటల్లో చెప్పనవసరం ఉండదు.

మొదటి దృశ్యం: మట్టి, విత్తనం. పన్నెండు అంగుళాల లోతు, అంతే వెడల్పు ఉన్న బ్యాగు తీసుకుని, ఎర్రమట్టి, కడిగిన కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చి నింపాలి. అడుగున నీరు పోయే రంధ్రాలను దగ్గర నుంచి చూపించండి, ఎందుకంటే బెండ మొలకలు చనిపోవడానికి ఎక్కువసార్లు కారణం మట్టిలో నిలిచిన నీరే. రాత్రంతా నానబెట్టిన విత్తనాలను బ్యాగుకు మూడు చొప్పున, అర అంగుళం లోతులో నేరుగా విత్తాలి. బెండకు తల్లివేరు లోతుకు దిగుతుంది, నారు పీకి నాటితే ఆ వేరు దెబ్బతిని మొక్క కోలుకోవడానికి చాలా రోజులు పడుతుంది.

మొదటి వారం చివర: రెండు గుండ్రని బీజదళాలు కనిపిస్తాయి. ఇవి బెండాకుల్లా లేవని చూసేవారు అనుమానపడతారు కాబట్టి, చీలికలున్న అసలు ఆకులు తర్వాత వస్తాయని వ్యాఖ్యానంలో చెప్పండి. ఈ దశలో మొలక సన్నగా, పొడుగ్గా సాగి ఒక పక్కకు వాలిపోతే ఎండ చాలడం లేదని అర్థం. బెండకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి, తూర్పు బాల్కనీలో అంత దొరకకపోతే కాయలు తగ్గుతాయన్న మాటను దాచకుండా చెప్పడం మేలు.

రెండో వారం: బ్యాగుకు ఒక్క దిట్టమైన మొక్కనే ఉంచి, మిగిలిన రెంటినీ పీకకుండా కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించాలి, పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. చాలామంది చేతులు రాక మూడింటినీ వదిలేస్తారు, చివరికి మూడూ పీలగానే మిగులుతాయి.

మూడు, నాలుగు వారాలు: ఇక్కడ వీడియో వేగంగా నడవవచ్చు. నాలుగో వారం గుప్పెడు వర్మికంపోస్టు మట్టిపై చల్లి కలపడం తప్ప చూపవలసిన పని లేదు.

ఐదో వారం మాత్రం ఆకులను తిప్పి, అడుగుభాగాన్ని బాగా దగ్గర నుంచి చిత్రీకరించండి. ఆకు అంచులు పసుపెక్కి పైకి ముడుచుకుంటే అది పచ్చదోమ పని. ఈనెలు మాత్రమే పసుపు వలలా మారి మధ్యభాగం పచ్చగా ఉంటే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ తెగులు. మొదటిదానికి లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే చాలావరకు అదుపులోకి వస్తుంది. రెండోదానికి మందు లేదు, ఆ మొక్కను పీకి దూరంగా పారేయాలి. అలా ఒక బ్యాగు ఖాళీ అయితే దాన్ని ఖాళీగానే చూపండి. పక్కింటి మొక్క తెచ్చి అక్కడ పెడితే, కర్ర మీది గీతలే ఆ సంగతి బయటపెడతాయి.

ఆరో వారం: మొగ్గలు, ఆపై పూలు. బెండపువ్వు లేత పసుపు రంగులో, నడుమ ముదురు ఎరుపు మచ్చతో ఉదయం విచ్చుకుని సాయంత్రానికల్లా వాడిపోతుంది. అందువల్ల ఆదివారం కోసం ఆగక, విచ్చిన ఉదయమే తీయాలి. మొక్క ఏపుగా ఉండి పూత రాకపోతే నత్రజని ఎక్కువైందేమో చూసి ఎరువు ఆపాలి.

ఏడో వారం: పువ్వు విచ్చిన ఐదారు రోజులకు కాయ కోతకు వస్తుంది. ఇంకో మూడు రోజులు వదిలితే పీచు పడుతుంది, కాబట్టి రోజు విడిచి రోజు కోయాలి. చేతులకు దురద పెడుతుంది, తొడుగు వేసుకోవడం మంచిది. చివరి దృశ్యానికి మాటలు అక్కరలేదు: కూరగాయల బండి దగ్గర అందరూ చేసినట్టే కాయ తోకను వేలితో విరవండి, టక్కున విరిగిన చప్పుడు వినిపించేలా మైకును దగ్గర పెట్టండి.