తొలి వారాల గర్భంలో ఒంటి వేడి పెరిగితే: సమస్య, కారణం, పరిష్కారం

సమస్య 1: నెల తప్పింది, జ్వరం వచ్చింది

ముందు థర్మామీటర్ పెట్టండి. నుదుటి మీద చెయ్యి పెట్టి "కాస్త వెచ్చగా ఉంది" అనుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ. చంకలో చూస్తే లోపలి వేడి కంటే దాదాపు ఒక డిగ్రీ ఫారన్‌హీట్ తక్కువ చూపిస్తుంది. భయపడాల్సిన గీత లోపల 102.2 (39 సెల్సియస్). అంటే చంకలో 101 దాటిందంటే ఆ గీత దగ్గరికి వచ్చినట్టే.

పారాసిటమాల్ 500 లేదా 650 మాత్ర ఒకటి వేసుకోండి. మళ్లీ వేసుకోవాలంటే ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకు నాలుగు మించకూడదు. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది కాబట్టి అట్ట మీద చదివి లెక్కలోకి తీసుకోండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ సొంతంగా వేసుకోవద్దు. జ్వరం డెంగీ అయితే ఇవి రక్తస్రావానికి దారి తీయవచ్చు కూడా. చెమట పట్టాలని రెండు దుప్పట్లు కప్పితే వేడి బయటికి పోదు. పలుచటి దుప్పటి, ఫ్యాను, గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవడం చాలు. మాత్ర వేడిని దించుతుందే గానీ కారణాన్ని తీయదు. అదే రోజు డాక్టరుకు చూపించి మూత్రపరీక్ష, మలేరియా, డెంగీ పరీక్షల సంగతి అడగండి. గర్భమని మొదటి మాటలోనే చెప్పండి.

సమస్య 2: జ్వరం లేదు, టబ్బులో కూర్చున్నాను

చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. అమెరికాలోనో, రిసార్టులోనో ఉండే హాట్ టబ్‌లో నీళ్లు 104 డిగ్రీల దాకా ఉంటాయి. మన బకెట్ స్నానంలో చెంబుతో పోసుకున్న నీళ్లు జారిపోతాయి, తడి ఒంటి మీంచి ఆవిరి లేస్తుంది, వేడి పోతూనే ఉంటుంది. నీళ్లు కాస్త వేడిగా ఉన్నా లోపలి వేడి పెద్దగా పెరగదు. టబ్బులో మెడదాకా మునిగితే సంగతి వేరు. నీళ్లు ఒంటికంటే వేడి. చెమట పట్టినా ఆరే దారి లేదు. దాంతో వేడి లోపలికే వస్తుంది. కొందరికి 10-15 నిమిషాల్లోనే 102 దాటుతుంది. హాయిగా అనిపిస్తుంది కాబట్టి "నాకేం కాలేదు" అనుకుంటారు.

ఇంకో మోసం లెక్కలో ఉంది. నెలసరి మార్చి 1న మొదలైందనుకుందాం, చక్రం 28 రోజులు. గర్భం నిలిచేది మార్చి 15 ప్రాంతంలో. మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం ఏప్రిల్ 2 నాటికి మడత పడటం మొదలై, ఏప్రిల్ 12 నాటికి మూసుకుంటుంది. నెల తప్పేది మార్చి 29న. "కాస్త ఆలస్యమేలే" అనుకుని ఏప్రిల్ 4న సెలవులకు వెళ్లి 20 నిమిషాలు టబ్బులో కూర్చుంటే, సరిగ్గా ఆ పది రోజుల మధ్యలో పడ్డట్టు. అప్పుడు వేగంగా విడిపోతున్న కణాలను వేడి దెబ్బతీస్తే గొట్టం ఒకచోట తెరుచుకునే ఉండిపోవచ్చు. పైన తెరిచి ఉంటే మెదడు, పుర్రె ఏర్పడవు. కింద తెరిచి ఉంటే స్పైనా బిఫిడా, అంటే వెన్ను సరిగా మూసుకోని లోపం.

కాబట్టి టబ్బులోకి దిగేముందు చూడాల్సింది పరీక్ష కిట్టు, తర్వాత నీళ్ల థర్మామీటర్. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు నెలసరి వచ్చిందని తేలేదాకా, గర్భం నిలిచినవాళ్లు మొదటి మూడు నెలలు హాట్ టబ్, ఆవిరి గది రెండూ మానేయాలి. ఇంట్లో టబ్బు స్నానం చేయాలనుకుంటే నీళ్లు 98-100 డిగ్రీలు దాటకుండా చూసుకోండి.

హీటింగ్ ప్యాడ్, ముఖానికి మాత్రమే పట్టే ఆవిరి, మామూలు నడక: వీటి గురించి కంగారు అక్కర్లేదు.

సమస్య 3: ఇప్పటికే అయిపోయింది

గర్భం తీయించుకోవాలనే ఆలోచన ఈ కారణంతో వద్దు. బాగా వేడెక్కితే ఈ లోపాల ముప్పు దాదాపు రెట్టింపవుతుందని అధ్యయనాలు చెబుతాయి. కానీ మామూలుగానే అది వెయ్యి గర్భాల్లో ఒకటి, రెండుకో, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువకో వచ్చేది. రెట్టింపైనా అత్యధిక బిడ్డలు బాగానే పుడతారు.

చేయాల్సింది ఇది. జ్వరమో, టబ్బో ఏ తేదీన, ఎన్ని నిమిషాలు, ఎన్ని డిగ్రీలు అన్నది ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇవ్వండి. ఫోలిక్ యాసిడ్ ఆపకండి. రోజుకు 400 మైక్రోగ్రాములు మామూలు మోతాదు. షాపులో ఎక్కువగా దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర, మీకు ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి. 11-13 వారాల స్కానులో పుర్రె సంగతి చాలావరకు తెలుస్తుంది. వెన్ను కోసం 18-20 వారాల స్కాను తప్పనిసరి. ఆ రోజు స్కాను చేసేవారికి కూడా ఆ కాగితం చూపించండి, వెన్నుపూసలను ఒక్కొక్కటిగా చూస్తారు.