గెలిచాక బోనస్ తీసేశారా? సపోర్ట్ టీమ్‌కు ఫిర్యాదు ఉత్తరం ఎలా రాయాలి

ఇది బ్రిటన్‌లో ఉంటూ, అక్కడి గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు ఉన్న సైట్‌లో ఆడినవాళ్ల కోసం. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడం నిషిద్ధం. 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం చేసింది. ఇండియాలో ఇంటి దగ్గర కూర్చుని వీపీఎన్ పెట్టుకుని లండన్ సైట్‌లో ఆడినవాళ్లు ఈ ఉత్తరం రాస్తే, నిబంధన మీరినట్టు తామే సంతకం చేసి ఇచ్చినట్టవుతుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. జూన్ 14 రాత్రి ఒక ఆటగాడు 50 పౌండ్లు జమ చేసి 50 పౌండ్ల బోనస్ తీసుకున్నాడు. బోనస్‌కు పది రెట్లు, అంటే 500 పౌండ్ల పందేలు పూర్తి చేస్తే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. బోనస్ నడుస్తుండగా ఒక్కో పందెం 5 పౌండ్లు దాటకూడదు. అతను స్పిన్‌కు ఒక పౌండ్ చొప్పున స్లాట్ ఆడాడు. వరసగా కలిసొచ్చి, రాత్రి 11:20కి లెక్క పూర్తయ్యేసరికి ఖాతాలో 412 పౌండ్లు ఉన్నాయి. విత్‌డ్రా అడిగిన మర్నాడు మెయిల్ వచ్చింది: '7.3 నిబంధన ఉల్లంఘించారు, బోనస్, దానిపై గెలుపు రద్దు.' ఖాతాలో 50 పౌండ్లు మిగిల్చి 362 పౌండ్లు తీసేశారు.

మొదటి పని: ఉత్తరం పక్కన పెట్టి, అసలు తప్పు మనది కాదా అని చూసుకోవడం. మిగిలిన 50తో మళ్లీ ఆడకండి, ఆడితే లెక్క చెడిపోతుంది. కార్డు బ్యాంకుకు ఫోన్ చేసి, జమ చేసిన డబ్బు వెనక్కి లాగే చార్జ్‌బ్యాక్ పెట్టకండి, చాలా సైట్లు అదే సాకుగా ఖాతా మూసేస్తాయి. బోనస్ తీసుకున్న రోజున చూపించిన నిబంధనల పేజీని, పందేల చరిత్రను, జమల పట్టికను తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆఫర్ పేజీ మారిపోతుందేమోనన్న భయం అనవసరం కాదు, అవి తరచూ మారుతుంటాయి.

తరువాత మూడు చోట్ల చూడాలి. ఏదైనా పందెం గరిష్ఠ మొత్తం దాటిందా? బోనస్‌కు పనికిరాని ఆటల జాబితాలో ఉన్నది ఆడారా? ఇంటికి ఒక్కరికే అన్న షరతు ఉందా? ఈ మూడోది ఒకే ఇంట్లో నలుగురైదుగురు కలిసి ఉండే మన విద్యార్థులకు బాగా తగులుతుంది. ఒకే వైఫై, ఒకే చిరునామా, కాబట్టి రూమ్మేట్ అదే ఆఫర్ తీసుకుని ఉంటే అభ్యంతరం నిజమైనదే కావచ్చు. అప్పుడు ఉత్తరం రాయాల్సిన తీరే వేరు: ఖాతాలు ఇద్దరివని చూపే గుర్తింపు పత్రాలు, వేర్వేరు బ్యాంకు కార్డులు ముందు పెట్టాలి.

మన ఉదాహరణలో పందేల చరిత్ర తెరిస్తే 21:40కి రౌలెట్‌లో 8 పౌండ్ల పందెం ఒకటి కనిపించింది. బోనస్ పట్టికలో మాత్రం బోనస్ వేసిన సమయం 21:14 అని ఉంది. సైట్ లెక్క ఇక్కడే తేలింది: బోనస్ వచ్చిన 26 నిమిషాలకు 8 పౌండ్లు పెట్టాడని. కానీ రౌలెట్ సమయం బ్రిటన్ వేసవి గడియారంలో ఉంది, బోనస్ పట్టిక యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా రెండింటికీ గంట తేడా. అంటే బోనస్ నిజంగా వచ్చింది 22:14కి. రౌలెట్ పందెం 34 నిమిషాల ముందే, సొంత డబ్బుతో వేసింది. దీనికి గట్టి సాక్ష్యం బ్యాంకు యాప్‌లోని లావాదేవీ వివరం గానీ కార్డు సందేశం గానీ: 50 పౌండ్లు వెళ్లిన సమయం అందులో 22:12 అని ఉంటుంది. జమ కాకముందే బోనస్ రాదు కదా.

ఇక ఉత్తరం. ముందు లైవ్ చాట్‌లో గొడవ పడకండి. చాట్‌లో ఉన్నవాళ్లకు నిర్ణయం మార్చే అధికారం సాధారణంగా ఉండదు. సైట్ నిబంధనల్లో ఫిర్యాదుల కోసం ఇచ్చిన మెయిల్‌కే పంపండి, సబ్జెక్టులో 'అధికారిక ఫిర్యాదు' అన్న మాట తప్పకుండా ఉండాలి. అది లేకపోతే దాన్ని మామూలు ప్రశ్నగా లెక్కేసి, ఎనిమిది వారాల గడువు మొదలు కాలేదనే అవకాశం ఉంది. ఉత్తరం ఇంగ్లీషులోనే వెళ్లాలి, విషయం మాత్రం ఇలా ఉండాలి:

'జూన్ 15న నా ఖాతా నుంచి 362 పౌండ్లు తీసేయడంపై ఇది అధికారిక ఫిర్యాదు. మీరు చెప్పిన కారణం 7.3 నిబంధన, అంటే బోనస్ ఉండగా 5 పౌండ్లు దాటిన పందెం. ఆ మొత్తం దాటిన పందెం నా చరిత్రలో ఒక్కటే: రౌలెట్, 8 పౌండ్లు, 21:40 (స్థానిక సమయం). బోనస్ 22:14కి (స్థానిక సమయం) వచ్చింది. మీ పట్టిక 21:14 అని చూపించేది యూటీసీ సమయం. జమ 22:12కి జరిగినట్టు చూపే బ్యాంకు సందేశం జత చేశాను. బోనస్ తరువాత వేసిన పందేలన్నీ ఒక పౌండ్ చొప్పునే. 362 పౌండ్లు తిరిగి వేయమని కోరుతున్నాను. ఒప్పుకోకపోతే, ఏ పందెం ఐడీ ఏ నిబంధనను మీరిందో, రెండు సమయాలూ ఒకే గడియారంలో రాసి తెలపండి. ఇది మీ తుది సమాధానమో కాదో కూడా చెప్పండి.'

గెలిచిన ఆనందం, అదృష్టం, ఇన్నేళ్లుగా ఆడుతున్నాను అన్న మాటలు ఇందులో లేవు. వరసగా గెలవడం అన్నది చర్చకే రాకూడదు. ఎందుకంటే గెలవడం ఏ నిబంధనకూ విరుద్ధం కాదు, సైటూ దాన్ని కారణంగా రాయదు. మీరు ఎత్తితే 'బోనస్ దుర్వినియోగం', 'అసాధారణ ఆట తీరు' లాంటి జారుడు మాటలకు దారి ఇచ్చినట్టే. వాళ్లే ఆ మాటలు వాడితే, ఏ నిబంధనలో ఆ మాటకు ఏ అర్థం ఇచ్చారో చూపించమని ఒక్క వాక్యంలో అడగండి. 'మా నిర్ణయమే తుది' అన్న షరతు చూసి వెనక్కి తగ్గనక్కరలేదు. 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం అన్యాయమైన షరతు వినియోగదారుణ్ణి కట్టిపడేయలేదు.

పందేల పట్టిక సైట్‌లో కనిపించకుండా పోయినా, పూర్తి వివరాలు లేకపోయినా వేరే దారి ఉంది. యూకే జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 15వ అధికరణ కింద మీ సమాచారమంతా అడగవచ్చు, సాధారణంగా రుసుము లేదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. అందులో సర్వర్ వైపు నమోదైన సమయాలు కూడా రావచ్చు. ఫిర్యాదుతో కలపకుండా దీన్ని వేరే మెయిల్‌గా పంపితే మంచిది. రెండూ ఒకే మెయిల్‌లో పెడితే ఒకదానికే జవాబిచ్చి ఊరుకోవచ్చు.

ఎనిమిది వారాల్లో తేలకపోయినా, అంతకు ముందే 'ఇదే మా తుది మాట' అన్నా, ఫిర్యాదును సైట్ ఎంచుకున్న స్వతంత్ర మధ్యవర్తికి తీసుకెళ్లవచ్చు. ఆ సంస్థ పేరు నిబంధనల్లోనే ఉంటుంది, చాలాచోట్ల అది ఐబీఏఎస్. ఆటగాడికి ఖర్చు లేదు. అక్కడికి పంపే ఫైలు కూడా ఇదే: ఉత్తరం, బ్యాంకు సందేశం, రెండు పట్టికలు, సైట్ ఇచ్చిన జవాబు. గ్యాంబ్లింగ్ కమిషన్ ఒక్కొక్కరి డబ్బు గొడవ తీర్చదు, దానికి రాసి ఎదురుచూస్తే వారాలు వృథా. 2005 గ్యాంబ్లింగ్ చట్టం తరువాత పందెం ఒప్పందాలను కోర్టులో అమలు చేయించుకునే వీలుంది కాబట్టి, ఇంగ్లాండ్, వేల్స్‌లలో 10,000 పౌండ్ల లోపు మొత్తానికి చిన్న మొత్తాల కోర్టు కూడా తెరిచే ఉంది. అయితే అక్కడ కోర్టు రుసుము ముందు మన జేబులోంచే వెళ్తుంది, 362 పౌండ్ల కోసం మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవడం మేలు.