స్నేహితుల వాట్సాప్ గ్రూపులో రాజకీయ గొడవ ముదిరితే చల్లార్చడం ఎలా?

కర్నూలు స్నేహితుల గ్రూపుల్లో హైకోర్టు కర్నూలులో ఉండాలా, అమరావతిలో ఉండాలా అన్న మాట ఎత్తితే చాలు, ఆ రాత్రి ఎవరికీ త్వరగా నిద్ర పట్టదు. అందుకే ఆ గొడవనే ఉదాహరణగా తీసుకుందాం. ఇద్దరు పాత క్లాస్‌మేట్లు. ఒకరిని లాయరు అని, మరొకరిని మాస్టారు అని పిలుద్దాం.

రాత్రి తొమ్మిదిన్నరకు లాయరు రాశాడు: "కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో హైకోర్టు కర్నూలుకే ఇస్తామన్నారు, ఇచ్చిన మాట తప్పారు." మాస్టారు జవాబు: "సీమకు ఎవరు ఏమిస్తామన్నారు? అన్నీ ఒకచోట ఉంటేనే రాష్ట్రం బాగుపడుతుంది." ఇక్కడి దాకా ఇది వాదన మాత్రమే. దీన్ని ఎవరూ ఆపనక్కర్లేదు. పది నిమిషాల తర్వాత లాయరు, "నీకు అమరావతి పక్కన ప్లాటు ఉంది కాబట్టి అలాగే అంటావులే" అన్నాడు. మాస్టారు ఊరుకోలేదు. "కేసులు లేని లాయర్లకే ఈ హైకోర్టు పిచ్చి" అని పెట్టాడు. దాని కింద ఎవరో నవ్వు బొమ్మ కొట్టారు.

ఎప్పుడు కలగజేసుకోవాలి

ప్లాటు మాట వచ్చినప్పుడే. విషయం వదిలేసి ఎదుటివాడి స్వార్థం గురించో, వృత్తి గురించో, కులం గురించో, ఇంటివాళ్ల గురించో మాట దొర్లిన క్షణమే గొడవ మొదలైనట్టు. అంతకు ముందే అడ్డుపడితే పెద్దరికం చూపిస్తున్నారంటారు. "నువ్వు" పోయి "మీలాంటి వాళ్లు" రావడం మరో గుర్తు. ప్లాటు మాటకు ముందయితే ఉగ్గాని, బజ్జీల ఫొటో పెట్టి మాట మార్చవచ్చు. కేసుల మాట పడ్డాక అదే ఫొటో పెడితే, దెబ్బ తిన్నవాడికి తనను ఎగతాళి చేసినట్టే ఉంటుంది.

గ్రూపులో రాయకముందే ఫోను చేయండి

చాలామంది అడ్మిన్లు ముందుగా "ఇద్దరూ ఆపండి" అని గ్రూపులో పెడతారు. దానితో ఇద్దరికీ అందరి ముందు చివాట్లు పడినట్టవుతుంది. పైగా ఎవరు ముందు ఆపితే వాళ్లు ఓడినట్టు. నలభై మంది చూస్తుండగా వెనక్కి తగ్గడం కష్టం. చూసేవాళ్లు లేని చోట అదే మనిషి సులభంగా తగ్గుతాడు.

ముందు ఎవరికి చేయాలి? చివరి దెబ్బ తిన్నవాడికి. తర్వాతి మెసేజు వచ్చేది అతని దగ్గర నుంచే కదా. మన ఉదాహరణలో అది లాయరు. మీకన్నా అతనికి దగ్గరివాడు ఇంకొకడుంటే అతనితోనే చేయించండి, ఆలోగా మీరు మాస్టారితో మాట్లాడండి. రాతలో గొంతు వినపడదు కనుక ఈ పని మెసేజుతో కుదరదు, ఫోనులో మాట్లాడాల్సిందే.

ఫోనులో కోర్టు ఎక్కడ ఉండాలన్న సంగతి ఎత్తవద్దు. దెబ్బ తగిలిన చోటునే పట్టుకోండి: "రేయ్, చూశాను. ఆ కేసుల మాట వాడు అనకూడదురా." ఆ ఒక్క ముక్కతో సగం వేడి తగ్గుతుంది. ఆ వెంటనే అతను మిమ్మల్ని ఇరికించే ప్రశ్న వేస్తాడు: "నువ్వు చెప్పు, నేనన్నదాంట్లో తప్పేముంది?" దీనికి అవునన్నా, కాదన్నా మీరు ఒక పక్షం చేరినట్టే. "నాకూ ఒక అభిప్రాయం ఉందిరా, ఈ రాత్రి మాత్రం చెప్పను" అనండి. ప్లాటు మాట గురించి కూడా ఒకసారి అడగండి, అయితే చివర్లో: "నువ్వన్న ప్లాటు మాట సంగతేమిటి?" జవాబు కోసం పట్టుబట్టవద్దు.

అతని నుంచి క్షమాపణ కోరవద్దు. రేపు ఉదయం దాకా గ్రూపులో ఏమీ రాయనని మాట తీసుకుంటే చాలు. తర్వాత మాస్టారికీ ఇదే పద్ధతి. "వాడు నా గురించి ఏమన్నాడు?" అని అడిగితే, "చెప్పుకోవాల్సింది ఉంటే వాడే చెబుతాడు" అని ఆపేయండి. ఒకరి మాట ఇంకొకరికి మోస్తే, మంచి మాటే అయినా, దారిలో రంగు మారుతుంది.

ఇప్పుడు గ్రూపులో ఒక్క మెసేజు

ఇద్దరితో మాట్లాడాకే ఇలాంటిది పెట్టండి:

"హైకోర్టు గురించి ఇద్దరూ రాసింది అందరం చదివాం. ప్లాటు మాట, కేసుల మాట మన మధ్య రావలసినవి కావు. ఇద్దరితోనూ మాట్లాడాను. రేపు ఉదయం ఎనిమిది దాకా గ్రూపు మూసి ఉంచుతున్నాను."

రెండు తప్పు మాటలనూ పేరు పెట్టి, ఒకే వాక్యంలో పక్కపక్కన ఉంచడం ఇందులో కీలకం. ఒకదాన్నే ప్రస్తావిస్తే తీర్పు చెప్పినట్టు. రెండూ వదిలేసి "అందరూ మర్యాదగా ఉండండి" అంటే ఎవరికీ తగలదు. నవ్వు బొమ్మ కొట్టిన మిత్రుడికి మాత్రం విడిగా చెప్పి తీయించండి. పొయ్యిలో కట్టె పెట్టింది ఆయనే.

గ్రూపు మూయడానికి గ్రూపు పేరు మీద నొక్కి, Group permissions లోకి వెళ్లి, సభ్యులు మెసేజులు పంపే వీలును ఆపేయాలి. అప్పుడు అడ్మిన్లు తప్ప ఎవరూ రాయలేరు. తెరిచే వేళ ముందే చెప్పి, ఆ వేళకు తప్పకుండా తెరవండి. లేకపోతే రెండో గ్రూపు పుడుతుంది, గొడవ అక్కడికి మారుతుంది.

అడ్మినుకు ఇతరుల మెసేజులు తీసేసే వీలుంది కానీ, అడ్మిన్ తీసినట్టు అందరికీ కనిపిస్తుంది. ఎవరిది వాళ్లే తీసుకోవడం మేలు. అందుకు రెండు రోజులకు పైగా గడువుంటుంది కనుక ఆ రాత్రే ఒత్తిడి చేయనక్కర్లేదు.

నిజానిజాల సంగతి ఉదయం

రాత్రి పూట ఆధారాలు పెట్టవద్దు. అప్పుడు అవి ఒకరి చేతికి కర్ర ఇచ్చినట్టే అవుతాయి. ఉదయం కావాలంటే ఇంత చాలు: 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కర్నూలు పేరు లేదు. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి కోస్తాకు, మరొకటి రాయలసీమకు అన్నారు, ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమకు ఇచ్చారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు వెళ్లింది, 1954లో హైకోర్టు గుంటూరులో ఏర్పడింది. 1956లో రెండూ హైదరాబాదు చేరాయి.

అంటే "కర్నూలుకే హైకోర్టు అన్నారు" అన్న లాయరు మాట సరికాదు, "ఎవరు ఏమిస్తామన్నారు" అన్న మాస్టారి మాటా సరికాదు. ఇద్దరూ చెరో మెట్టు దిగే ఇలాంటి అవకాశం దొరికితేనే వాస్తవాలు ముందుకు తీసుకురండి. తప్పు ఒకరిదే అయితే అతనికి విడిగా పంపండి. ఇప్పుడు కోర్టు ఎక్కడ ఉండాలన్నది అభిప్రాయం. దాన్ని మీరు తేల్చనక్కర్లేదు.

గ్రూపు తెరిచాక "ఇక రాజకీయాలు నిషేధం" అనే నియమం పెట్టవద్దు. నిలవదు. కర్నూలు లాయరుకు హైకోర్టు రాజకీయం ఒక్కటే కాదు, పొట్టకూటి సంగతి కూడా. విషయం గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు, ఎదుటివాడి బతుకు జోలికి పోకూడదు అన్న నియమమైతే నిలుస్తుంది.

ఒకరు గ్రూపు వదిలి వెళ్లిపోతే

వెంటనే తిరిగి చేర్చవద్దు. ఇప్పుడు ఎవరైనా వెళ్లిపోతే అడ్మిన్లకే తెలుస్తుంది, కాబట్టి మీరు ప్రకటించకపోతే చాలామంది గమనించరు. రెండు రోజులు ఆగి, వెళ్లి కలిసి, అడిగి చేర్చండి.

చంపుతాననో, ఇంటికొస్తాననో బెదిరింపు వస్తే, కులం, మతం పేరుతో తిట్టు పడితే ఈ పద్ధతి పనికిరాదు. ముందు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, తర్వాత మెసేజు తీసేసి, ఆ సభ్యుణ్ని తొలగించండి. బెదిరింపు నిజమని అనిపిస్తే 112కు ఫోను చేయండి.