స్లైడ్లలోని క్రియల్లోనే రూబ్రిక్ ఉంది

అసైన్‌మెంట్ స్లైడ్ల నుంచి రూబ్రిక్ తయారు చేసేవాళ్ళు ముందు క్రియల కింద గీతలు గీయండి. కావలిలో మా డిగ్రీ పిల్లలకి రొయ్యల చెరువు నీటి మీద రిపోర్టు ఇచ్చాను. స్లైడ్లన్నీ వెతికితే కొలవండి, పోల్చండి, కారణం చెప్పండి అని మూడే తేలాయి. అవే మూడు ప్రమాణాలు. చేతిరాత గురించి ఎక్కడా చెప్పలేదు కాబట్టి దానికి మార్కులు పెట్టలేదు (పెట్టాలని చేయి లాగింది, నిజమే).

అసలు చిక్కు లెవెల్స్ దగ్గర. "బాగుంది", "చాలా బాగుంది" అని రాస్తే ఎవరి లెక్క వాళ్ళది. పేపర్లో వేలు పెట్టి చూపించగలిగేదే రాయాలి. "కారణం చెప్పండి"కి ముందు పాస్ లెవెల్ రాశాను: తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గిందని చెప్పి, ఒక కారణం ఇచ్చారు. కింది లెవెల్లో కారణం ఉండదు. పై లెవెల్లో ఆ కారణాన్ని తమ రీడింగులతో ముడిపెడతారు. అన్నిటికన్నా పైన, రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుందని వివరించి, ఇంకో కారణం ఎందుకు కాదో చూపిస్తారు.

తర్వాత రెండు పాత పేపర్లు మీరూ, పక్క సెక్షన్ మేడమూ విడివిడిగా దిద్దండి. లెవెల్ తేడా వస్తే ఆ వాక్యం సరిగా లేనట్టే. మాకు "ముడిపెడతారు" దగ్గర వచ్చింది. "కనీసం రెండు రీడింగులు చూపిస్తారు" అని మార్చాం.