గంటకు 600 అనుకున్న పని చేతికి 300 కూడా ఇవ్వడం లేదా? లెక్క తప్పేది ఇక్కడే

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఇంట్లోనే కూర్చుని విశాఖకో, హైదరాబాద్‌కో, భువనేశ్వర్‌కో పని చేసిపెట్టేవారు చాలామంది ఉన్నారు. వాళ్లు నాకు చూపించే లెక్క ఎప్పుడూ ఒకే తీరులో ఉంటుంది. వచ్చిన ఫీజును కంప్యూటర్ ముందు కూర్చున్న గంటలతో భాగిస్తారు. మంచి అంకె వస్తుంది. ఏడాది చివర బ్యాంకు ఖాతా చూసుకుంటే ఆ అంకెకూ మిగిలిన డబ్బుకూ పొంతన ఉండదు. ఖాతా అబద్ధం చెప్పదు కాబట్టి తప్పు లెక్కలోనే ఉంది.

వివరంగా చూడటానికి ఒక నమూనా పని తీసుకుందాం. రాయగడలో ఉండే ఒక వెబ్ డెవలపర్ విశాఖలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తెలుగు, ఒడియా భాషల్లో వెబ్‌సైటు చేశాడు. ఫీజు 60,000 రూపాయలు. డిజైనుకూ కోడుకూ 100 గంటలు పట్టింది. గంటకు 600 వచ్చిందని అతని లెక్క.

సమస్య: రేటు బాగుంది, డబ్బు మిగలడం లేదు

మొదట చూడాల్సింది ఒక్కటే. గంటలు రాసిపెట్టారా? ఈ ప్రశ్న దాటేసి నేరుగా పన్నుల గురించి అడిగేవారే ఎక్కువ. రాయని గంటలను గుర్తు తెచ్చుకుని లెక్కేస్తే ఇష్టంగా చేసిన పని గుర్తుంటుంది, విసుగుగా చేసిన పని గుర్తుండదు. నోటు పుస్తకం చాలు. ఏ రోజుది ఆ రోజే, పావుగంట లెక్కన రాయాలి. మర్నాడు రాస్తే సగం పోతుంది.

మన డెవలపర్ పుస్తకం తిరగేస్తే 100 గంటల పక్కన ఇంకా చాలా కనిపించాయి. ఆసుపత్రివారు తెలుగు పాఠాన్ని పాత కరపత్రాల నుంచి తీసి పంపారు. అది అను ఫాంట్లలో ఉంది. యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు చెదిరిపోయాయి, వరుస వరుసా చదివి దిద్దాల్సి వచ్చింది. ఒడియా పాఠం వాట్సాప్‌లో ఫొటోలుగా వచ్చింది కాబట్టి అదంతా మళ్లీ టైపు చేయాల్సిందే. ఈ రెండింటికీ 12 గంటలు. ఫోన్లకూ, "బాబూ, ఒక్క చిన్న మార్పు" అన్నవాటికీ 10. విశాఖకు వెళ్లి రావడానికి 10. సైటు అప్పగించాక వచ్చిన సవరణలకు 5. బిల్లు పంపి డబ్బు కోసం వెంటపడటానికి 3. మొత్తం 140 గంటలు.

రైలు ఖర్చు, డొమైన్, మొదటి ఏడాది హోస్టింగ్ కలిపి 4,000 అతనే పెట్టుకున్నాడు. 60,000లోంచి అది తీస్తే 56,000. దాన్ని 140తో భాగిస్తే 400. ఇక్కడిదాకా ఓపికగా చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. అసలు చిక్కు దీని తర్వాత ఉంది.

దొరక్కుండా దాక్కునే కారణం: ఏ పద్దుకూ ఎక్కని గంటలు

కొన్ని గంటలు ఏ ప్రాజెక్టువీ కావు. రాకుండా పోయిన పనికి రాసిన కొటేషన్, కుదరని బేరానికి మాట్లాడిన ఫోన్లు, కొత్తవారికి చూపించడానికి చేసిన నమూనా పేజీ, నెలవారీ ఖాతాలు, రిటర్ను కాగితాలు, పాడైన లాప్‌టాప్ పట్టుకుని దుకాణం చుట్టూ తిరగడం. "ఇది ఈ ప్రాజెక్టు పని కాదు కదా" అని వీటిని వదిలేస్తారు. ఆ మాట నిజమే. కానీ ప్రతి ప్రాజెక్టు దగ్గరా అదే మాట అనుకుంటే ఆ గంటల ఖర్చు ఎవరూ మోయరు. నాలుగు కొటేషన్లు రాస్తే ఒకటి కుదిరిందనుకోండి, కుదరని మూడింటి కాలాన్నీ ఆ ఒక్కటే మోయాలి. వేరే డబ్బు ఎక్కడా లేదు.

ఇది మీ లెక్కలో ఉందో లేదో తేల్చే పద్ధతి తేలిక. ఏడాదిలో ప్రాజెక్టుల పేర రాసిన గంటలన్నీ కూడండి. ఏడాదిలో మొత్తం పనికి కూర్చున్న గంటలు వేరుగా కూడండి. రెండూ ఒకటే అయితే ఈ సమస్య మీకు లేదు. నేను చూసిన పుస్తకాల్లో అలా ఉన్నది ఒక్కటీ లేదు.

మన డెవలపర్‌కు ఏడాదికి 15 ప్రాజెక్టులు, వాటిమీద 1,200 గంటలు అనుకుందాం. పద్దు లేనివి 300. అంటే ప్రతి ప్రాజెక్టు గంట వెనుకా పావుగంట దాగి ఉంది. 140 గంటల పని నిజానికి 175 గంటలు. ఇంటర్నెట్, ఇన్వర్టర్, లాప్‌టాప్ తరుగుదల వంటి ఉమ్మడి ఖర్చు ఏడాదికి 60,000 అయితే ప్రాజెక్టు గంటకు 50 రూపాయల లెక్కన ఈ పని మీద 7,000 పడుతుంది. మిగిలేది 49,000. దాన్ని 175తో భాగిస్తే 280.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు, అది సరిపోదు. 300 గంటలన్నీ ఒకే రకానివి కావు. పని సంపాదించడానికి పట్టే కాలం ప్రాజెక్టు పరిమాణాన్ని బట్టి పెరగదు. 10,000 రూపాయల పనికీ 60,000 రూపాయల పనికీ కొటేషన్ రాయడం, మాట్లాడటం, నమ్మకం కలిగించడం దాదాపు ఒకటే. అందుకే ఆ కాలాన్ని గంటల లెక్కన కాకుండా ప్రాజెక్టుల లెక్కన పంచాలి. 300లో 180 గంటలు పని సంపాదించడానికి పోయాయనుకుంటే 15 ప్రాజెక్టులకు తలా 12. మిగతా 120 గంటలను 1,200 మీద పంచితే గంటకు ఆరు నిమిషాలు.

ఇప్పుడు ఆసుపత్రి పని: 140, 12, 14 కలిపి 166 గంటలు. 49,000ను 166తో భాగిస్తే సుమారు 295. పక్కనే చిన్న పని పెట్టి చూడండి. ఒక దుకాణానికి ఒకే పేజీ సైటు, ఫీజు 10,000, అన్నీ కలిపి 20 గంటలు. పైకి గంటకు 500. దీని వెనుక కూడా అదే 12, ఇంకో 2 ఉన్నాయి కాబట్టి 34 గంటలు. ఉమ్మడి ఖర్చు 1,000 తీస్తే 9,000. గంటకు సుమారు 265. ఫోన్లూ మార్పులూ అన్నీ కలిపి 140 గంటలకు 400 పడ్డ పెద్ద పని కంటే, 500 పడ్డ చిన్న పనే తక్కువ ఇచ్చింది. చిన్న పనులతో ఏడాదంతా తీరిక లేకుండా ఉండి డబ్బు మిగలనివారి అవస్థకు మూలం ఇదే. పాత ఖాతాదారు మళ్లీ ఇచ్చిన చిన్న పని అయితే ఈ 12 గంటలు వేయకండి, దాన్ని సంపాదించడానికి మీరు ఏమీ ఖర్చుపెట్టలేదు.

మూడు జాగ్రత్తలు. ప్రతి పావుగంటా ఒకే పద్దులోకి వెళ్లాలి. ఆసుపత్రి బిల్లు కోసం చేసిన ఫోన్‌ను ప్రాజెక్టు కింద రాస్తే ఉమ్మడి కింద మళ్లీ రాయకూడదు. కరెంటు పోయో, ఖాతాదారు జవాబు రాకో ఖాళీగా ఉన్నప్పుడు ఇంకో పని చేసుకోగలిగితే ఆ కాలం లెక్కలోకి రాదు. చేసుకోలేకపోతేనే రాయండి. ఏడాది పుస్తకం లేనివారు కనీసం నాలుగు వారాలు రాయాలి, అందులో పని పలచగా ఉన్న వారం ఒకటి తప్పక ఉండాలి. తీరిక లేని వారాలనే రాస్తే పద్దు లేని గంటలు తక్కువగా తేలతాయి.

పరిష్కారం తదుపరి కొటేషన్‌లో ఉంది. గంటకు నికరంగా 400 కావాలంటే అలాంటి ఆసుపత్రి పనికి 166 గంటలకు 66,400, ఉమ్మడి ఖర్చు 7,000, నేరు ఖర్చు 4,000 కలిపి 77,400 అడగాలి. లేదా పాఠం యూనికోడ్‌లోనే ఇవ్వాలనీ, మార్పులు రెండు విడతలకు మించితే అదనపు రుసుమనీ కొటేషన్‌లోనే రాసి గంటలు తగ్గించాలి.

సమస్య: 60,000 బిల్లు వేస్తే 54,000 వచ్చింది

అది టీడీఎస్, అంటే ఫీజు ఇచ్చేవారు ముందే కోసి మీ పేర ప్రభుత్వానికి కట్టే పన్ను. వృత్తి ఫీజుగా చూపితే 10 శాతం కోస్తారు. దాన్ని పన్ను ఖర్చుగా గంట రేటులోంచి తీసేయడం తప్పు. ఆ 6,000 మీ పేర జమైన డబ్బు. మీ పాన్ మీద జమైన పన్ను చూపే 26ఏఎస్ పత్రంలో కనిపిస్తుందో లేదో చూసుకోండి, కనిపించకపోతే ఆసుపత్రి ఖాతాల విభాగాన్ని అడగండి. అసలు పన్ను ఏడాది మొత్తం ఆదాయం మీద తేలుతుంది.

2025-26 ఆర్థిక సంవత్సరపు నియమాల్లో సాంకేతిక సలహా, ఐటీ వంటి నిర్ణీత వృత్తులవారు సెక్షన్ 44ఏడీఏ కింద రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపవచ్చు. కొత్త పద్ధతిలో పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా. మన డెవలపర్‌కు వేరే ఆదాయం లేకపోతే కట్టేదేమీ లేదు. రిటర్ను వేస్తే 6,000 తిరిగి వస్తుంది, 295 అలాగే ఉంటుంది.

ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు ఇదే పని చేసేవారి సంగతి వేరు. జీతంలో పన్ను వేయదగినది ఇప్పటికే 13 లక్షలుంటే ఫీజులో సగమైన 30,000 మీద 15 శాతం, దానిపై 4 శాతం సెస్సు కలిపి 4,680 పడుతుంది. సగటు పన్ను శాతం వేయకండి, మీ ఆదాయం చేరిన చివరి శ్లాబు శాతాన్నే వేయాలి. ఆసుపత్రి పని అలాంటివారు అవే గంటల్లో చేస్తే 44,320ను 166తో భాగించాలి, సుమారు 267. టీడీఎస్ పోగా మిగిలే పన్ను ఏడాదికి 10,000 లేదా అంతకు మించితే మార్చి 15లోగా ముందస్తు పన్ను కట్టాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి తర్వాతి ఏడాదికి సెక్షన్ సంఖ్యలు సరిచూసుకోండి.

మిగతావి

ఒడిశాలో ఉండి ఆంధ్రకు పని చేస్తే మొదటి రూపాయి నుంచే జీఎస్టీ అన్న భయం సరిహద్దులో బాగా వినిపిస్తుంది. సేవలకు అలా లేదు, ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇప్పటికే రిజిస్టరైనవారు మాత్రం "అన్నీ కలిపి 60,000" అని ఒప్పుకోకండి. 18 శాతం లోపలే ఉండిపోయి 9,153 మీది కాకుండా పోతుంది. వృత్తి పన్ను ఏడాదికి 2,500 దాటదు, ఉమ్మడి ఖర్చులో కలిపేయండి. పాన్ ఇవ్వనందుకు 20 శాతం కోత పడిందంటే పాన్ ఇచ్చేయడమే మందు.